మాలికి, మలికి: ఫాతిహాలోని ఒక దీర్ఘం

ప్రశ్న: నేను దుబాయ్‌లో పనిచేస్తున్నాను. మా గదిలో ఉండే మొరాకో సోదరుడు నమాజు చేయిస్తూ ఫాతిహాలో ‘మాలికి యౌమిద్దీన్’ అనకుండా ‘మలికి’ అని చదివాడు. పొరపాటని చెప్పబోతే నవ్వి, తమ దేశంలో అందరూ అలాగే చదువుతారన్నాడు. ఖురాన్‌లో అక్షరం కూడా తేడా లేదని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మరి ఇది ఏమిటి? ఇలా మారితే అర్థం మారిపోదా? ఆయన వెనుక నా నమాజు చెల్లుతుందా?

జవాబు:

నమాజు చెల్లుతుంది, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. ఆయన చదివింది వర్ష్ పఠనం. మొరాకో, అల్జీరియా, పశ్చిమ ఆఫ్రికాలో పిల్లలు ఎక్కువగా దానితోనే ఖురాన్ మొదలుపెడతారు. మనం చదివేది హఫ్స్ పఠనం. మన మసీదుల్లో మరొకటి వినిపించదు కాబట్టి ఉన్నది అదొక్కటే అనుకుంటాం.

నేనూ అలాగే అనుకున్నాను. చాలా ఏళ్ల క్రితం మదీనాలో నా పక్కన కూర్చుని చదువుకుంటున్న ఒక అల్జీరియా పెద్దాయన ‘యుఅ్‌మినూన’ అనవలసిన చోటల్లా ‘యూమినూన’ అంటుంటే, హంజా అక్షరాన్ని మింగేస్తున్నారని సరిదిద్దబోయాను. ఆయన ఏమీ అనకుండా తన ముస్‌హఫ్ నా చేతిలో పెట్టాడు. అందులో ‘ఫా’ అక్షరానికి చుక్క కింద ఉంది, ‘ఖాఫ్’కు పైన ఒకటే చుక్క ఉంది. మొత్తం కంఠస్థం చేసినవాడిని, ఒక్క వరుస గడగడా చదవలేకపోయాను. ఆ సిగ్గుతోనే ఊరికి వచ్చాక ఒక ఉస్తాద్ దగ్గర కూర్చుని మిగిలిన పఠనాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

మీకు కలిగిన కంగారు కొత్తది కూడా కాదు. ఉమర్‌కే కలిగింది. హిషామ్ ఇబ్ను హకీమ్ అనే సహాబీ ఫుర్ఖాన్ సూరాను తాను నేర్చుకున్నట్టు కాకుండా మరోలా చదవడం విని, నమాజు పూర్తయ్యేదాకా ఎలాగో ఓపిక పట్టి, ఆ వెంటనే ఆయన పైబట్ట పట్టుకుని ప్రవక్త దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. ప్రవక్త ఇద్దరి చేతా చదివించి, ఇద్దరితోనూ ‘ఇలాగే అవతరించింది’ అన్నారు. ఖురాన్ ఏడు ‘హర్ఫ్’లలో, అంటే ఏడు రీతుల్లో, అవతరించిందన్న మాట ఆ సందర్భంలోనిదే. బుఖారీలో ఉన్న ఈ హదీసును మన దగ్గర తరచూ చెబుతారు, కానీ ఒక సంగతి వదిలేస్తారు. ఉమర్, హిషామ్ ఇద్దరూ ఖురైష్ వారే. కాబట్టి పఠనాలలో తేడాలన్నీ తెగల యాసల వల్ల వచ్చాయని తేల్చేసే జవాబు సరిపోదు. యాస కొంత కారణం, అంతా అదే కాదు. అలాగే ఆ ఏడు ‘హర్ఫ్’లూ, తరువాత ప్రసిద్ధులైన ఏడుగురు ఖారీలూ ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. ఆ ఏడుగురిని ఎంచింది బాగ్దాద్‌కు చెందిన ఇబ్ను ముజాహిద్. ఆయన 936లో చనిపోయాడు, అంటే ప్రవక్త కాలానికి మూడు శతాబ్దాల తరువాత. సంఖ్య కలవడం వల్ల జనం రెండింటినీ కలిపేశారు.

ఇక రాత సంగతి. ఖలీఫా ఉస్మాన్ హయాంలో, సుమారు 650 ప్రాంతంలో, ప్రతులు రాయించి ముఖ్య నగరాలకు పంపారు. ఆ లిపిలో హ్రస్వ అచ్చుల గుర్తులు లేవు. ఒకేలా కనిపించే అక్షరాలను వేరు చేసే చుక్కలు కూడా దాదాపుగా లేవు. తెలుగులో గుణింతం గుర్తులన్నీ తీసేసి, పైగా బ, త, న, య నాలుగింటినీ ఒకే గీతతో రాస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ అస్థిపంజరం లాంటి రాతను ‘రస్మ్’ అంటారు. దాన్ని చూసి కొత్తగా ఎవరూ చదవలేరు. ముందే నోటికి వచ్చినవాడికి మాత్రమే అది పనికొస్తుంది. అందుకే ప్రతితో పాటు చదివి చెప్పే మనిషి కూడా ఉండవలసి వచ్చింది. మదీనాలో నాఫి, మక్కాలో ఇబ్ను కసీర్, డమాస్కస్‌లో ఇబ్ను ఆమిర్, బస్రాలో అబూ అమ్ర్, కూఫాలో ఆసిమ్, హంజా, కిసాయీ. ఇలా ఒక్కో నగరంలో ఒక్కో గురుపరంపర స్థిరపడింది. తరువాత మరో ముగ్గురిని చేర్చి పదిమందిగా లెక్కను ఖాయం చేసినవాడు ఇబ్నుల్ జజరీ, 1429లో చనిపోయాడు. మన హఫ్స్ కూఫాకు చెందిన ఆసిమ్ శిష్యుడు. మీ మిత్రుడి వర్ష్ ఈజిప్టువాడు, మదీనా వెళ్లి నాఫి దగ్గర నేర్చుకుని వచ్చాడు.

‘అక్షరం కూడా తేడా లేదు’ అన్నారు కదా, దాన్ని కాస్త సరిచేసుకోవాలి. నగరాలకు పంపిన ఆ ప్రతుల్లోనే చిన్న చిన్న తేడాలు కొన్ని ఉన్నాయి. హదీద్ సూరా 24వ ఆయతు చివర మనం ‘ఫ ఇన్నల్లాహ హువల్ గనియ్యుల్ హమీద్’ అంటాం. మదీనా, డమాస్కస్ ప్రతుల్లో ఆ ‘హువ’ లేదు. నాఫి, ఇబ్ను ఆమిర్ పఠనాల్లోనూ లేదు. మీ మిత్రుడి ముస్‌హఫ్ తెరిచి చూడండి, కనిపించదు. అర్థంలో పోయేదేమీ లేదు, ఒక నొక్కు తగ్గుతుంది, అంతే. ఈ తేడాలను మన పండితులెవరూ దాచలేదు. ఏ నగరపు ప్రతిలో ఏముందో జాబితాలు రాసి పెట్టారు. వేదికలెక్కి ‘చుక్క కూడా తేడా లేదు’ అనే వక్తలే ఆ జాబితాలు చదవరు.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. చుక్కలూ అచ్చులూ లేని రాత కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటే ఈ పఠనాలు పుట్టాయా? దానికి మీరు అడిగిన మాటలోనే జవాబు వెతకవచ్చు. ఫాతిహాలో ఆ మాట రస్మ్‌లో మీమ్, లామ్, కాఫ్ మూడే అక్షరాలు. మన దేశంలో అచ్చైన ఖురాన్‌లో మీమ్ మీద నిలువుగా చిన్న గీత, ఖడా జబర్, ఉంటుంది. అదే మనం తీసే దీర్ఘం. వర్ష్ ప్రతిలో అక్కడ మామూలు జబర్ ఉంటుంది. సరిగ్గా ఇవే మూడు అక్షరాలు ఖురాన్‌లో మరో రెండు చోట్ల చూడండి. నాస్ సూరాలో ‘మలికిన్నాస్’: పదిమందీ హ్రస్వంగానే చదువుతారు, దీర్ఘం ఎవరూ తీయరు. ఆలి ఇమ్రాన్ 26లో ‘మాలికల్ ముల్క్’: పదిమందీ దీర్ఘంగానే చదువుతారు. రాతను చూసి ఊహించుకున్నదే అయితే మూడు చోట్లా అభిప్రాయభేదం ఉండాలి కదా. ఒక్క ఫాతిహాలోనే ఉందంటే, చెవితో విని నేర్చుకున్నది ముందు, రాత తరువాత అని అర్థం. ప్రతి పఠనభేదానికీ ఈ వాదన ఇంత చక్కగా సరిపోతుందని నేను అనను. రాతలోని వెసులుబాటు కొన్ని చోట్ల పాత్ర పోషించిందని వాదించే ఆధునిక పరిశోధకులు ఉన్నారు, వాళ్ల దగ్గరా ఆలోచించదగ్గ ఉదాహరణలు ఉన్నాయి. కానీ ‘రాత అస్పష్టం, అందుకే తేడా’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం కుదరదు.

ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నదానికి మూడు షరతులు పెట్టారు: గురుపరంపర దృఢంగా ఉండాలి, రస్మ్‌కు సరిపోవాలి, అరబీ వ్యాకరణానికి ఏదో ఒక విధంగానైనా ఒదగాలి. ఈ షరతులు కాగితం మీదే ఉండిపోలేదని చెప్పడానికి బాగ్దాద్‌లో ఒక్క ఏడాది తేడాతో జరిగిన రెండు విచారణలు చాలు. ఇబ్ను మిఖ్సమ్ మంచి వ్యాకరణవేత్త. రాతకూ వ్యాకరణానికీ సరిపోతే చాలు, గురువు దగ్గర వినకపోయినా చదవవచ్చు అన్నాడు. యూసుఫ్ సూరాలో, అన్నదమ్ములు ఆశ వదులుకుని పక్కకు వెళ్లి మంతనాలాడారు అనే చోట ‘నజియ్యన్’ అన్న మాటను, చుక్కలు మార్చి ‘నుజబా’ అని చదివాడు. అంటే మంతనాలాడిన అన్నదమ్ములు కాస్తా ‘శ్రేష్ఠులు’ అయిపోయారు! 934లో ఆయన చేత ఆ పద్ధతి మానిపించారు. మరుసటి ఏడాది ఇబ్ను షనబూధ్ వంతు. ఈయనది తలకిందులు. పాత పరంపర ఉందంటూ రస్మ్‌కు సరిపోని పఠనాలు చదివేవాడు. జుమా సూరాలో ‘ఫస్‌అవ్’ బదులు ‘ఫమ్‌దూ’ అనేవాడు. ఆయనకు కొరడా దెబ్బలు కూడా పడ్డాయి. ఒకరికి రాత ఉంది, పరంపర లేదు. మరొకరికి పరంపర ఉంది, రాత లేదు. రెండూ ఉన్నదే నిలిచింది.

అర్థం మారుతుందా అన్నారు. తేడాల్లో అత్యధికం ఉచ్చారణకు సంబంధించినవి: హంజా అక్షరాన్ని పలకడం, మానడం, ‘ఆ’ను ‘ఏ’ వైపు వంచడం, దీర్ఘం ఎంతసేపు లాగడం. వాటి వల్ల అర్థానికి ఏమీ కాదు. మిగిలిన కొద్దివాటిలో మారుతుంది, మారదని బుకాయించకూడదు. మాలిక్ అంటే యజమాని, మలిక్ అంటే రాజు. యజమాని అయిన ప్రతివాడూ రాజు కాడు, రాజు అయినంత మాత్రాన రాజ్యంలో ప్రతి వస్తువూ అతని సొంతం కాదు. తీర్పు దినాన రెండూ ఒకడివే అని రెండు పఠనాలూ కలిసి చెబుతాయి.

ఇలా ఒకదానికొకటి తోడయ్యేవే ఎక్కువ. ఆలి ఇమ్రాన్ 146 చూడండి. మనం ‘కాతల’ అని చదువుతాం: ఎందరో ప్రవక్తల వెంట నిలిచి దైవభక్తులు పోరాడారు, కుంగిపోలేదు. మీ మిత్రుడు ‘కుతిల’ అని చదువుతాడు: ఎందరో ప్రవక్తలు చంపబడ్డారు, అయినా వారి వెంట ఉన్నవాళ్లు కుంగిపోలేదు. ఆ ఆయతుల నేపథ్యం ఉహుద్ యుద్ధం. ప్రవక్త చనిపోయారన్న పుకారు పుట్టి జనం చెల్లాచెదురైన రోజు. రెండు ఆయతుల ముందే ‘ఆయన మరణించినా, చంపబడినా మీరు వెనుదిరుగుతారా’ అన్న నిలదీత ఉంది. ‘కుతిల’ విన్నాక ఆ నిలదీత మరింత సూటిగా గుచ్చుకుంటుంది. నేను హఫ్స్‌లోనే చదువుతాను, కానీ ఈ ఆయతు పాఠం చెప్పేటప్పుడు వర్ష్ పఠనం చెప్పకుండా వదలను.

చట్టాన్ని తాకే చోట వ్యవహారం చిక్కబడుతుంది. వుజూ ఆయతు, మాయిదా 6, తీసుకోండి. వాక్యం నడక ఇది: కడగండి మీ ముఖాలను, మోచేతుల దాకా మీ చేతులను, తడి చేత్తో తడమండి మీ తలలను, చీలమండల దాకా మీ కాళ్లు. ఆ చివరి ‘కాళ్లు’ ఏ క్రియకు చెందుతుంది? హఫ్స్, నాఫి, ఇబ్ను ఆమిర్, కిసాయీ ‘అర్జులకుమ్’ అంటారు. ఆ అకారం కర్మకు చిహ్నం, ముఖాలకూ చేతులకూ ఉన్నది అదే, కాబట్టి ‘కడగండి’తో కలుస్తుంది. ఇబ్ను కసీర్, అబూ అమ్ర్, హంజా, ఆసిమ్ మరో శిష్యుడు షుఅబా ‘అర్జులికుమ్’ అంటారు. ఆ ఇకారం పక్కనే ఉన్న తలలకు ఉన్నది, కాబట్టి ‘తడమండి’తో కలుస్తుంది. తెలుగులో ఈ తకరారు దాగిపోతుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి అనువాదకుడు ‘కాళ్లు కడుక్కోండి’ అనో, ‘తడుముకోండి’ అనో తేల్చి తీరాలి. తేల్చాక రెండోది ఉన్నట్టు పాఠకుడికి తెలియదు.

సున్నీలు కాళ్లు కడుగుతారు, షియాలు తడి చేత్తో తడుముతారు. ఒక అచ్చు గుర్తు వల్లే ఈ చీలిక వచ్చిందని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. హైదరాబాద్ పాతబస్తీలో షియా ఇళ్లకు వెళ్లి చూడండి, వాళ్ల ఖురాన్‌లోనూ హఫ్స్ పఠనమే ఉంటుంది, ‘అర్జులకుమ్’ అనే చదువుతారు, చదివి తడుముతారు. ‘తలలను’ అన్న మాట కూడా అసలు స్థానంలో కర్మే కాబట్టి, అకారం దానితోనే కలుస్తుందని వాళ్ల వివరణ. సున్నీ పండితులు ‘అర్జులికుమ్’ను కొట్టిపారేయలేరు, అది కూడా చెల్లే పఠనమే. కాబట్టి కొందరు పక్క మాట ప్రభావంతో విభక్తి మారిందన్నారు, కొందరు అది తోలు మేజోళ్ల మీద తడమడానికి సంబంధించిందన్నారు. ‘చీలమండల దాకా’ అన్న హద్దు ‘మోచేతుల దాకా’ లాంటిదే కాబట్టి ఇది కడగడమే అన్నది వాళ్ల బలమైన వాదన. ‘మడమలకు నరకాగ్ని తప్పదు’ అని పొడిగా వదిలేసినవాళ్లను హెచ్చరించిన హదీసు దానికి తోడు. నేను హనఫీని, కడుగుతాను. కానీ గమనించండి: ఇరువర్గాలూ రెండు పఠనాలనూ అంగీకరించి, ఆచరణకు తగినట్టు వివరించుకున్నాయి. ఆచరణ ముందు, అచ్చు గుర్తు మీద వాదన ఆ తరువాత.

ఇంకో చిత్రం కూడా ఉంది. హఫ్స్, షుఅబా ఇద్దరూ ఒకే గురువు ఆసిమ్ శిష్యులు. అయినా ఇక్కడ చెరో మాట చదివారు. ఆసిమ్‌కు ఇద్దరు గురువులు. ఒకరి నుంచి వచ్చింది హఫ్స్‌కు, మరొకరి నుంచి వచ్చింది షుఅబాకు చెప్పాడని పరంపరలో వివరణ ఉంది.

రెండు పఠనాలనూ నిజంగా రెండు నియమాలుగా వాడుకున్న చోటు బఖరా 222. నెలసరిలో భార్యకు దూరంగా ఉండమని చెబుతూ, ఎప్పటిదాకా అంటే ‘యత్‌హుర్న’ దాకా అని హఫ్స్, నాఫి, మరికొందరు చదువుతారు. అంటే శుద్ధులయ్యేదాకా, రక్తం ఆగేదాకా. హంజా, కిసాయీ, షుఅబా ‘యత్తహ్హర్న’ అంటారు. ద్విత్వం పడగానే ‘తమను తాము శుభ్రపరచుకునేదాకా’ అవుతుంది, అంటే స్నానం చేసేదాకా. మన తెలుగు నేల మీద ముస్లింలు ఎక్కువమంది పాటించే హనఫీ విధానం రెండింటికీ చెరో సందర్భం చూపింది. హనఫీ లెక్కలో నెలసరికి గరిష్ఠం పది రోజులు. పది రోజులూ నిండి ఆగితే మొదటి పఠనం వర్తిస్తుంది, స్నానానికి ముందైనా నిషేధం తొలగుతుంది. అంతకంటే ముందే ఆగితే మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి రెండో పఠనం వర్తిస్తుంది: స్నానం చేయాలి, లేదా ఒక నమాజు వేళ గడిచిపోవాలి. మిగిలిన మూడు సున్నీ విధానాలూ ఎప్పుడైనా స్నానం తప్పదంటాయి. అదే ఆయతులో తరువాత వచ్చే ‘తతహ్హర్న’ను పదిమందీ ఒకేలా చదువుతారు, అది స్నానాన్నే చెబుతోంది కదా అని వాళ్ల వాదన. నిజం చెప్పాలంటే వాళ్ల వాదన వినడానికి సులువుగా ఉంటుంది. హనఫీల పద్ధతిలో నాకు నచ్చేది, ఏ పఠనాన్నీ పనిలేకుండా వదిలేయకపోవడం.

చివరగా ఒక హెచ్చరిక. ఇదంతా విన్నాక మీకు ‘మలికి’ నచ్చి, రేపటి నుంచి అదొక్క మాట తెచ్చుకుని మిగతాది హఫ్స్‌లో చదవాలనిపించవచ్చు. వద్దు. ప్రతి పఠనం మొదటి నుంచి చివరి దాకా ఒకే అల్లిక. కొన్ని చోట్ల కలిపితే అర్థమే విరిగిపోతుంది. బఖరా 37లో మనం ‘ఫతలఖ్ఖా ఆదము మిన్ రబ్బిహీ కలిమాతిన్’ అంటాం: ఆదం తన ప్రభువు నుంచి కొన్ని మాటలు అందుకున్నాడు. మక్కాకు చెందిన ఇబ్ను కసీర్ ‘ఆదమ... కలిమాతున్’ అంటాడు: ప్రభువు మాటలు ఆదమ్‌ను అందుకున్నాయి. రెండూ బాగున్నాయి. కానీ మొదటి సగం ఇక్కడ, రెండో సగం అక్కడ తెచ్చి ‘ఆదము... కలిమాతున్’ అన్నారా, వాక్యంలో ఇద్దరు కర్తలు మిగులుతారు, కర్మ ఉండదు. ఇలా కలపడాన్ని పండితులు నిషేధించింది అందుకే.

ఎదుటివాడు చదివింది పఠనభేదమా, తప్పా అని తెలుసుకోవడం కూడా ఈ అల్లికతోనే సాధ్యం. తప్పు ఒక్క చోట దొర్లుతుంది. పఠనం అన్ని చోట్లా ఒకే తీరుగా వినిపిస్తుంది. ఈసారి తీరిక దొరికినప్పుడు మీ మిత్రుడిని బఖరా మొదటి పేజీ చదవమనండి. ‘యూమినూన’ అని హంజా లేకుండా, ‘సలాత్’లో లామ్‌ను బరువుగా పలికితే అది వర్షే. ఆయన ముస్‌హఫ్‌లో ఫాతిహా తెరిచినప్పుడు మాత్రం ‘మలికి’ని నాలుగో ఆయతులో వెతకకండి. మదీనా లెక్కలో బిస్మిల్లాహ్‌ను ఆ సూరాలో ఆయతుగా లెక్కించరు, అది మూడోదిగా ఉంటుంది. ఏడు సరిపోవడానికి చివరి ఆయతు రెండుగా విడిపోయి కనిపిస్తుంది.